మజూరీ లెక్క చెప్పే ఉత్తరం

"నలభై ఆరు గంటలా? అంత పనేముందండీ అక్కడ?"

విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఫోన్లో అడిగిన మాట ఇది. అడిగింది నా మిత్రుణ్ని. అతను పదేళ్లపాటు ఒక కంపెనీలో స్టోర్సు, అకౌంట్సు చూసి బయటికొచ్చాడు. ఇప్పుడు చిన్నచిన్న వ్యాపారులకు సరుకు లెక్కలు చక్కబెట్టే కన్సల్టెంటు. గంటకు 1,800 రూపాయలు తీసుకుంటాడు. పెద్దాయన గోడౌన్‌లో ఉన్న మందులకూ టాలీలో కనిపిస్తున్న స్టాకుకూ పొంతన లేకపోతే, దాన్ని సరిచేయడానికి పిలిపించుకున్నారు. పని అయింది. బిల్లు వెళ్లింది. ఫోనొచ్చింది.

నేను చాలా ఏళ్లు ఇతరుల బిల్లులు పాస్ చేసే బల్ల వెనక కూర్చున్నవాణ్ని. అందుకని కాగితాలన్నీ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పేర్లు తీసేసి, అంకెలు కొంచెం అటూ ఇటూ మార్చి ఆ సంగతి చెబుతున్నాను.

ఇన్‌వాయిస్‌లో తప్పేమీ లేదు. నంబరు, తేదీ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, సేవ కోడు, పన్ను, సంతకం, జీఎస్టీ నిబంధనలు అడిగేవన్నీ ఉన్నాయి. దానికి పైన పెట్టిన కవరింగ్ లెటర్ మాత్రం ఇలా ఉంది:

"అయ్యా, పైన ఉదహరించిన విషయమై తెలియజేయునది ఏమనగా, సెప్టెంబరు నెలలో మీ సంస్థకు అందించిన కన్సల్టెన్సీ సేవలకు గాను ఇన్‌వాయిస్ జతపరచడమైనది. మొత్తం గంటలు 46. గంటకు రూ.1,800. జీఎస్టీతో కలిపి మొత్తం రూ.97,704. సత్వరమే చెల్లింపు చేయగలరని మనవి."

ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. చదివినవాడికి పనికొచ్చే మాటా ఒక్కటి లేదు.

బంగారం కొట్టుకెళ్లినప్పటి మన వరస గుర్తుచేసుకోండి. గ్రాము ధర బోర్డు మీద ఉంటుంది. దాన్ని తగ్గించమని ఎవరూ అడగరు. తూకం కళ్లముందే వేస్తారు కాబట్టి దాని మీదా పేచీ ఉండదు. బేరమంతా తరుగు మీద, మజూరీ మీద. ఎందుకంటే ఆ రెండూ మనం చూడని చోట జరిగాయి. కంసాలి ఎంతసేపు కూర్చున్నాడో, పొడి ఎంత పోయిందో మనకు తెలియదు. కన్సల్టెంటు బిల్లులో బంగారం లేదు, అంతా మజూరీయే. గంట ధర ముందే ఒప్పుకున్నది కాబట్టి పెద్దాయన దాని జోలికి పోలేదు. ఆయన చూడనిది ఆ 46 గంటలు. ఉత్తరం చూపించాల్సింది అదే, అదొక్కటే చూపించలేదు.

అసలు "టైమ్ షీటు ఉందా?" అనడిగాను. ఉంది. దాన్ని చూస్తే నాకూ అనుమానమొచ్చింది. "12వ తేదీ: గోడౌన్ పని, టాలీ దిద్దుబాట్లు, ఫోన్లు — 7.5 గంటలు" అని ఒక వరస. "13వ తేదీ: టాలీ దిద్దుబాట్లు, రిటర్నులు, సిబ్బందితో మాటలు — 6 గంటలు" అని ఇంకోటి. మూడు నాలుగు పనుల్ని ఒకే మూటగా కట్టి, పైన ఒక అంకె వేశాడు. ఏ పనికి ఎంతసేపు పట్టిందో మూట విప్పితే గానీ తెలియదు. ఆ విప్పే పని చదివేవాడి నెత్తిన పడింది.

ఈ మూటల మీద అమెరికాలో పెద్ద గొడవే ఉంది. అక్కడ లాయర్లు గంటల లెక్కన బిల్లు వేస్తారు. ఆ టైమ్ షీటు అలవాటుకు మూలపురుషుడిగా చెప్పేది రెజినాల్డ్ హీబర్ స్మిత్ అనే బోస్టన్ లాయరును. పేదలకు ఉచిత న్యాయసహాయం చేసే సంస్థను నడిపి, 1919లో ఒక లా ఫర్మ్ నిర్వహణలోకి వచ్చాడు. గంటను పది ముక్కలు చేసి, ఆరేసి నిమిషాల చొప్పున రోజంతా రాసుకోమన్నాడు. తమ ఆఫీసులో ఏ పనికి ఎంత ఖర్చవుతోందో తమకే తెలియాలన్నది అప్పటి ఉద్దేశం. ఆ కాగితం తర్వాత తర్వాత కక్షిదారు ముందుకు వచ్చి బిల్లయింది.

కేసు గెలిచినవారి లాయరు ఫీజును ఓడినవారి చేత కట్టించే సందర్భాల్లో అక్కడి జడ్జీలే ఈ టైమ్ షీట్లను వరస వరసనా చదువుతారు. వెల్చ్ వర్సెస్ మెట్రోపాలిటన్ లైఫ్ అనే కేసులో 2007లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో చదవదగ్గది. ఆ లాయరు గంటను పావుగంటలుగా మాత్రమే రాసుకున్నాడు. రెండు మూడు నిమిషాల ఫోనూ పావుగంటే, చిన్న ఈమెయిలూ పావుగంటే. అందుకు కింది కోర్టు గంటల్లో 20 శాతం కోసేస్తే అప్పీలు కోర్టు సరే అంది. పనులన్నీ మూటగట్టి రాయడం గురించి కూడా ఆ తీర్పులో ప్రస్తావన ఉంది. అలా రాస్తే గంటలు 10 నుంచి 30 శాతం దాకా ఉబ్బవచ్చని కాలిఫోర్నియా బార్ నివేదిక ఒకటి చెప్పిందని అందులో ఉటంకించారు.

జడ్జిగారికి వచ్చిన అనుమానమే పెద్దాయనకూ వచ్చింది. మాటలే వేరు.

మా మిత్రుడి లెక్కలోనే చూడండి. నాలుగు నిమిషాల ఫోనును పావుగంటగా రాస్తే 450 రూపాయలు. ఆరు నిమిషాలుగా రాస్తే 180. మొత్తం బిల్లులో ఇది పెద్ద తేడా కాదు. కానీ ఆ ఫోను చేసిన మనిషికి తాను ఎంతసేపు మాట్లాడాడో గుర్తుంటుంది, ఫోన్లోనే ఉంటుంది. తనకు తెలిసిన ఒక్క అంకె తప్పని తేలితే, తెలియని మిగతా అంకెలన్నీ తప్పే అనుకుంటాడు.

ఇంకొకటి. బిల్లులు పాస్ చేసేటప్పుడు నేను చూసే మొదటి గుర్తు ఏమిటంటే, అంకెల నున్నదనం. సోమవారం 4, మంగళవారం 4, బుధవారం 6, గురువారం 4 అని ఉంటే అది నెలాఖరున కూర్చుని గుర్తుతెచ్చుకుని రాసిన కాగితం. ఏ రోజుకారోజు రాసుకున్న కాగితం 2.7, 4.1, 0.4 అని ఎగుడుదిగుడుగా ఉంటుంది. పని నున్నగా సాగదు మరి. మిత్రుడి అసలు లెక్క అలాగే ఎగుడుదిగుడుగా ఒక చిన్న నోటుబుక్కులో ఉంది. "అంత చిల్లరగా కనిపిస్తే బాగోదని" దాన్ని చక్కదిద్ది, మూటలు కట్టి పంపాడట. ఉన్న సాక్ష్యాన్ని తన చేత్తోనే చెరిపేశాడు.

ఆ నోటుబుక్కు ముందేసుకుని మూటలు విప్పాం. పని ఐదు కుప్పలుగా విడింది. గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టడం 10.8 గంటలు. టాలీలో ఒకే మందుకున్న రెండేసి పేర్లను కలపడం 19.1. కంపెనీలకు తిప్పిపంపిన సరుకు లెక్కలు 8.7. సిబ్బందికి ఎంట్రీ నేర్పడం 5.2. ఫోన్లు, రిపోర్టు 2.2. కూడితే సరిగ్గా 46. ఉత్తరంలో ఈ దశాంశాలు అక్కర్లేదని, 11, 19, 9, 5, 2 అని రాసి, అచ్చమైన లెక్కను వెనక షీటుగా జతచేయాలని అనుకున్నాం. ఉత్తరం యజమాని చదువుతారు, షీటు ఆయన అకౌంటెంటు చదువుతాడు. ఇద్దరికీ ఒకే కాగితం పెడితే ఇద్దరూ చదవరు.

కుప్పలు చూడగానే అసలు చిక్కు బయటపడింది. పేర్లు కలపడానికే 19 గంటలు. అంటే 34 వేల పైచిలుకు. పెద్దాయనకు ఈ అంకె ఒక్కటే చూపిస్తే మళ్లీ ఫోను ఖాయం.

"ఎన్ని పేర్లు కలిపావు?" అన్నాను.

"ఐదొందల ఎనభై. మొత్తం 2,140 పేర్లుంటే 1,560కి వచ్చాయి."

19 గంటలంటే 1,140 నిమిషాలు. 580 పేర్లు. ఒక్కోదానికి రెండు నిమిషాలు. ఆ మాట అనుకోగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "పేర్లు సరిచేయడం — 19 గంటలు" అంటే ఎక్కువనిపిస్తుంది. "580 పేర్లు, ఒక్కోదానికి సుమారు రెండు నిమిషాలు, 19 గంటలు" అంటే చదివేవాడు మనసులోనే ఒకసారి ఆ పని చేసి చూసుకుంటాడు. ఒక పేరు వెతకాలి, రెండో పేరుతో పోల్చాలి, పది మాత్రల స్ట్రిప్పా పదిహేనా అని చూడాలి, కలపాలి. రెండు నిమిషాలు మరీ ఎక్కువేం కాదు అనిపిస్తుంది. ఆ తీర్పు చదివేవాడిదే. మనం ఒప్పించనక్కర్లేదు.

మొత్తం వ్యవహారంలో నేను నమ్మేది ఇదొక్కటే. గంటల పక్కన లెక్కపెట్టగల వస్తువు ఏదో ఒకటి నిలబెట్టాలి. ఎన్ని పేర్లు, ఎన్ని రాకలు, ఎన్ని కాగితాలు. "లోతుగా పరిశీలించడం", "సమగ్రంగా విశ్లేషించడం" లాంటి మాటల్లో లెక్కపెట్టడానికి ఏమీ లేదు. వాటిని ఎన్ని గంటలతోనైనా నింపవచ్చు, ఆ సంగతి డబ్బు కట్టేవాడికి తెలుసు. లెక్క తేలని పని కొంత ఉంటుంది, కాదనను. ఆలోచించిన గంటకు వస్తువు చూపించలేం. అప్పుడు ఆ ఆలోచన తేల్చిన నిర్ణయాన్ని చూపించాలి. "ఏ రెండు పేర్లు ఒకటో తేల్చే నియమం రాశాను" అన్నా చాలు.

మన ఆఫీసు తెలుగుకు ఇక్కడొక జబ్బుంది. "పరిశీలించడం జరిగింది", "సరిచేయడం జరిగింది" అని రాస్తాం. వాన పడినట్టు, తెల్లారినట్టు, పని దానంతటదే జరిగిపోయినట్టు ఉంటుంది. తనంతట తానే జరిగినదానికి గంటకు 1,800 ఎందుకివ్వాలి? "లెక్కపెట్టాను", "కలిపాను", "నేర్పాను" అని రాస్తే ఒక మనిషి, ఒక బల్ల, ఒక సాయంత్రం కనిపిస్తాయి. చేసినవాడు కనపడని వాక్యంలో చేసిన పనీ కనపడదు.

పని కనిపిస్తే దాని విలువ పెరుగుతుందన్న సంగతిని పరిశోధకులు కొలిచి చూశారు కూడా. రయాన్ బ్యూల్, మైకేల్ నార్టన్ అనే ఇద్దరు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ప్రయాణ టిక్కెట్లు వెతికే వెబ్‌సైటు లాంటిది తయారుచేశారు. ఒకరికి వెతుకుతున్నంతసేపూ ఊరికే గీత నిండుతూ కనిపిస్తుంది. మరొకరికి ఇప్పుడు ఈ విమాన సంస్థలో చూస్తున్నాం, ఇప్పుడు ఆ సంస్థలో చూస్తున్నాం అని కనిపిస్తుంది. ఫలితం ఇద్దరికీ ఒకటే. శ్రమ కనిపించినవాళ్లు ఆ సేవకు ఎక్కువ విలువిచ్చారు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఫలితం నచ్చనప్పుడు శ్రమ చూపిస్తే ఎదురుతిరుగుతుంది. ఇంత వెతికి నువ్వు తెచ్చింది ఇదా అంటారు. కాబట్టి గంటలు చెప్పేముందు ఆ గంటలతో ఏం మారిందో చెప్పి తీరాలి. మారింది ఏమీ లేకపోతే ఉత్తరం ఎంత బాగా రాసినా లాభం లేదు.

మా మిత్రుడి అదృష్టం, మారింది చెప్పుకోదగ్గదే. పుస్తకాల్లో స్టాకుకూ గోడౌన్‌లో స్టాకుకూ మొదట 6.4 లక్షల తేడా ఉండేది. ఇప్పుడది 38 వేలకు దిగింది. ఇది కాక, ఎక్స్‌పైరీ అయిన మందులు కంపెనీలకు తిప్పిపంపి, వాళ్లనుంచి రావాల్సిన క్రెడిట్ నోట్లు అడగడం మరిచిపోయినవి 37 దొరికాయి. విలువ 1.7 లక్షలు.

ఇక్కడ మిత్రుడు ఉత్సాహపడ్డాడు. "మీకు 1.7 లక్షలు మిగిల్చాను, నేను తీసుకుంటున్నది 82 వేలే అని రాయనా?" అన్నాడు. వద్దన్నాను. కారణాలు రెండు. ఆ డబ్బు ఇంకా రాలేదు. పాత ఎక్స్‌పైరీని కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని గడువు దాటిందంటాయి. రాని డబ్బును మిగులుగా రాస్తే, సగమే వచ్చిన రోజున మన మాట కూడా సగమైపోతుంది. రెండోది ఇంకా గట్టిది. గంటల లెక్కన ఒప్పుకుని, లాభం లెక్కన సమర్థించుకుంటే, వచ్చేసారి లాభం దొరకని పనికి ఫీజెందుకన్న ప్రశ్నకు మనమే తలుపు తీసినట్టు. దొరికింది దొరికినట్టు చెప్పి ఊరుకోవాలి. పక్కన తన ఫీజు పెట్టి తూకం వేయకూడదు. ఆ తూకం పెద్దాయన తనంతట తాను వేసుకుంటారు, అంతటి వ్యాపారికి మనం నేర్పాలా?

ఇక కష్టమైన చోటికొచ్చాం. పని మొదలుపెట్టేటప్పుడు చెప్పిన అంచనా 36 గంటలు. అయింది 46. పది గంటలు, 18,000 రూపాయలు పైన. ఆ పదీ పేర్ల దగ్గరే. తొమ్మిది గంటలనుకుంటే 19 పట్టింది.

"ఇది ముందే చెప్పావా?"

"చెప్పాను. పధ్నాలుగో తేదీన ఫోన్లో. సరే కానివ్వండి అన్నారు."

"రాతలో?"

రాతలో లేదు. పెద్దాయన మరిచిపోయారు. రోజుకు ఎన్ని ఫోన్లు మాట్లాడతారో! ఆయనకు గుర్తున్నది మొదటి రోజు విన్న 36 ఒక్కటే. దానికి పన్ను కూడా కలిసి 97,704 అనే అంకె ఒక్కసారిగా మీదపడింది. కవరింగ్ లెటర్ ఎంత బాగున్నా చేయలేని పని ఇదే. మొదటిసారిగా ఉత్తరంలోనే తెలిసిన పెంపును ఏ ఉత్తరమూ సమర్థించలేదు. పెరుగుతోందని తెలిసిన రోజున, అంటే పేర్ల పని తొమ్మిది గంటలు దాటుతుండగానే, రెండు ముక్కలు వాట్సాప్‌లో పెట్టి "సరే" అనిపించుకుని ఉండాల్సింది. ఫోన్లో చెప్పినా సరే, పెట్టేశాక "ఇప్పుడు మాట్లాడుకున్నట్టు పేర్ల పనికి ఇంకో పది గంటలు పట్టవచ్చు" అని ఒక్క వాక్యం పంపితే సరిపోయేది. ఇప్పుడు మిగిలింది ఆ ఫోను తేదీని ఉత్తరంలో గుర్తుచేయడం. అది కూడా నిష్ఠూరంగా కాదు, మామూలుగా. ఆ ఫోనే జరగకపోయి ఉంటే మాత్రం, ఆ పది గంటల్లో కొంత నువ్వే భరించమని చెప్పేవాణ్ని.

పైగా ఆ పేర్ల పనిలో ఇంకో ముల్లుంది. పెద్దాయన ఫోన్లో చివర్న అన్నారట: "పేర్లు కలపడానికి గంటకు పద్ధెనిమిదొందలా? మా కౌంటర్ కుర్రాడు చేసేవాడు కదా!"

మిత్రుడికి కోపమొచ్చింది. నాకు మాత్రం ఆయన మాటలో సగం నిజం కనిపించింది. స్ట్రిప్పునూ బాక్సునూ పొరపాటున కలిపేస్తే స్టాకు పదింతలు తారుమారవుతుంది, అది తెలిసినవాడే చేయాలి. నిజమే. కానీ ఆ 580లో అక్షరం తేడా, చుక్క తేడా, ఖాళీ తేడా ఉన్నవి చాలానే ఉన్నాయి. జాబితా తీసి, కొన్ని కలిపి చూపించి, మిగతావి కుర్రాడికి అప్పగించి ఉండవచ్చు. ఒకే గంట ధరకు అన్నిరకాల పనీ చేసేవాళ్లందరికీ తగిలే దెబ్బ ఇది. తెలివితేటల గంటకు ఎవరూ ఏమీ అనరు, గుమాస్తా పని గంటను ఆ ధరకు చూస్తేనే మండుతుంది. దీనికి ఉత్తరంలో వాదన పెట్టకూడదని, వచ్చేసారికి దారి చూపిస్తే చాలని తేల్చుకున్నాం.

నోటుబుక్కులో ఇంకో మూడు గంటలు కనిపించాయి. ఒక ఫైలును తప్పుగా ఎక్కించి, మళ్లీ తీసి, మళ్లీ ఎక్కించిన గంటలు. తన పొరపాటు కాబట్టి బిల్లులో వేయలేదు. కానీ ఆ మాట ఎక్కడా చెప్పలేదు కూడా. అది చెప్పమన్నాను. "మీ కోసం తగ్గించాను" అని దయ చూపించినట్టు కాదు, "నా పొరపాటు వల్ల పట్టిన 3 గంటలు ఇందులో వేయలేదు" అని. తన తప్పు గంటల్ని తనే తీసేసినవాడు మిగతా గంటల్ని కూడా జల్లెడ పట్టే ఉంటాడని చదివేవాడికి అనిపిస్తుంది. ఇది ఎత్తుగడగా వాడితే మాత్రం పాడు. ప్రతి బిల్లులోనూ సరిగ్గా మూడేసి గంటలు తప్పులు కనిపిస్తే నవ్వుతారు.

మిగిలింది డబ్బు వాక్యం. ఒక్క బిల్లులో మూడు మొత్తాలుంటాయి. ఫీజు 82,800. దానిమీద 18 శాతం జీఎస్టీ 14,904. కలిపితే 97,704. వృత్తి సేవల కింద పెద్దాయన 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. జీఎస్టీని విడిగా చూపించినందున అది ఫీజు మీదే, 8,280. మిత్రుడి బ్యాంకులో పడేది 89,424. మొదటి ఉత్తరం ఈ మూడింట్లో అన్నిటికన్నా పెద్దదాన్ని మాత్రమే చెప్పింది. అందులో దాదాపు పదిహేను వేలు మిత్రుడికి చేరేవి కావు, ప్రభుత్వానికి వెళ్లేవి. పెద్దాయన కూడా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారే కాబట్టి ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుంటారు. ఆయనకు నిజంగా ఖర్చయ్యేది 82,800. లక్షకు దగ్గరగా కనిపించే అంకెను ముందు నిలబెట్టి, తన ఫీజును తనే పెంచి చూపించుకున్నాడు. రిజిస్ట్రేషన్ లేని గృహస్థుకు పంపే బిల్లయితే ఈ మాట చెల్లదు. అక్కడ పన్నంతా అతని ఖర్చే.

ఈ అంకెను ఉత్తరంలో ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చర్చ. చివర్న పెడితే మంచిదంటాడు మిత్రుడు. నేనొప్పుకోలేదు. ఉత్తరం విప్పినవాడి కన్ను ముందు వెతికేది డబ్బునే. దొరక్కపోతే పైవన్నీ దాటేసి కిందికి పోతాడు. ఏం మారిందో ఒక వాక్యంలో చెప్పి, ఆ వెంటనే అంకె చెప్పేస్తే, మిగతా ఉత్తరాన్ని నిదానంగా చదువుతాడు.

ఇన్‌వాయిస్ ముట్టుకోలేదు. అంకె మారలేదు కాబట్టి క్రెడిట్ నోటు, కొత్త నంబరు అవసరం లేదు. అదే బిల్లుకు ఉత్తరం మాత్రం ఇలా మారింది:

"నమస్కారమండీ,

మీ పుస్తకాల్లో స్టాకుకూ గోడౌన్‌లో స్టాకుకూ ఉన్న 6.4 లక్షల తేడా ఇప్పుడు 38 వేలకు తగ్గింది. ఈ పనికి నా ఫీజు 46 గంటలకు రూ.82,800. దీనిపై జీఎస్టీ రూ.14,904, అది మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది. టీడీఎస్ రూ.8,280 మినహాయించుకుని రూ.89,424 పంపితే సరిపోతుంది.

గంటలు ఇలా పట్టాయి. రెండు ఆదివారాలు గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టి టాలీతో సరిచూశాను, 11 గంటలు. ఒకే మందు రెండు పేర్లతో ఉన్నవి 580 కలిపాను, ఒక్కోదానికి సుమారు రెండు నిమిషాలు, 19 గంటలు. తిప్పిపంపిన సరుకు కాగితాలన్నీ సరిచూశాను, 9 గంటలు. ఇందులో కంపెనీల నుంచి మనం అడగాల్సిన క్రెడిట్ నోట్లు 37 దొరికాయి. విలువ 1.7 లక్షలు. ఎంత వస్తుందన్నది కంపెనీల మీద ఉంటుంది, జాబితా జతచేశాను. మీ సిబ్బందికి ఎంట్రీ పద్ధతి నేర్పడానికి 5 గంటలు, ఫోన్లకూ రిపోర్టుకూ 2 గంటలు.

మొదట 36 గంటలు అవుతుందనుకున్నాం. పేర్లు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఉండటంతో పది గంటలు పెరిగింది. ఈ సంగతి 14వ తేదీన ఫోన్లో మాట్లాడుకున్నాం. అప్పుడే రాతలో కూడా పంపి ఉండాల్సింది, ఇకమీదట పంపుతాను. ఒక ఫైలు విషయంలో నా పొరపాటు వల్ల పట్టిన 3 గంటలు ఇందులో వేయలేదు.

పేర్లలో సులువైనవి మీ కౌంటర్ కుర్రాళ్లు చేయగలరు. వచ్చేసారి వాటి జాబితా తీసి వాళ్లకిస్తాను, కష్టమైనవి మాత్రం నేను చూస్తాను. రోజువారీ గంటల లెక్క వెనక పేజీలో ఉంది."

మొదటి ఉత్తరంకన్నా పొడుగే. అయినా ఒక పేజీ దాటలేదు, ఫోన్లో నాలుగుసార్లు వేలు జరిపితే అయిపోతుంది. గంటకు 1,800 ఎందుకో ఇందులో ఎక్కడా లేదని గమనించే ఉంటారు. ధర ఒప్పందమైపోయింది. ఒప్పుకున్న ధరకు మళ్లీ సంజాయిషీ చెబితే, అది ఎక్కువని మనకే అనుమానమున్నట్టు వినిపిస్తుంది. అనుభవమెంతో, చదువేమిటో చెప్పుకోవాల్సింది పని మొదలుకాకముందు.

ఇది పని అయిన వారంలోనే పంపి ఉంటే ఇంకా బాగుండేది. సేవ పూర్తయ్యాక ఇన్‌వాయిస్ ఇవ్వడానికి జీఎస్టీ నిబంధనలు సాధారణంగా 30 రోజులు ఇస్తాయి, మిత్రుడు ఇరవై ఆరో రోజున పంపాడు. అప్పటికి పెద్దాయన 6.4 లక్షల తేడాతో నిద్రపట్టని రాత్రుల్ని మరిచిపోయారు. నొప్పి తగ్గిన నెలకు వచ్చే డాక్టరు బిల్లు ఎవరికి నచ్చుతుంది?

కొత్త ఉత్తరం వెళ్లిన రెండో రోజు మళ్లీ ఫోనొచ్చింది. మిత్రుడు భయపడుతూనే ఎత్తాడు.

"ఆ మిగిలిన ముప్పై ఎనిమిది వేలు ఎక్కడున్నట్టండీ?" అన్నారు పెద్దాయన. "ఏ మందుల దగ్గర తేడా వస్తోందో చూడాలంటే ఇంకెన్ని గంటలు పడుతుంది? ఈసారి లెక్కపెట్టడానికి మా కుర్రాళ్లను ఇద్దర్ని ఇస్తాను, ముందే రాసి పంపండి."